ఎవరు ఎవరికి ఇచ్చారు? సంజ్ఞా భాషా వ్యాకరణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మేము ఆదివారాలు నడిపే భారతీయ సంజ్ఞా భాష తరగతికి బధిర పిల్లల తల్లిదండ్రులు వస్తారు, బడి టీచర్లు వస్తారు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు వస్తారు. పాఠం చెప్పేది ఒక బధిర ఉపాధ్యాయిని. పక్కన నిలబడి దుబాసీ పని చేసేది నేను. ఓ వంద సైగలు చేతికి వచ్చేసరికి అందరికీ ఒకే రకం సందేహాలు మొదలవుతాయి. మాటలు వచ్చాయి కదా, వాక్యం ఎందుకు కుదరడం లేదు? ఆ సందేహాలకే ఇక్కడ జవాబులు రాశాను. సైగల జాబితా కావాలనుకునేవారు ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువు చూసుకోవచ్చు. 2018లో 3,000 మాటలతో మొదలైన ఆ నిఘంటువులో 2021 నాటికి పదివేల మాటలు చేరాయి. అయితే నిఘంటువు మాటలనే ఇస్తుంది. వాటిని వాక్యంగా కూర్చే పని మనమే నేర్చుకోవాలి.

తెలుగు వాక్యంలో ఒక్కో మాటకు ఒక్కో సైగ చేసుకుంటూ పోతే సరిపోదా?

సరిపోదు. "అక్క అమ్మకు లడ్డూ ఇచ్చింది" అనే వాక్యాన్ని తీసుకోండి. నాలుగు మాటలకు నాలుగు సైగలు చేస్తే ఎదుటివారికి అందేది "అక్క, అమ్మ, లడ్డూ, ఇవ్వు" అనే నాలుగు ముక్కలే. 'అమ్మకు'లోని 'కు' రాలిపోయింది. 'ఇచ్చింది'లో కాలాన్నీ కర్తనూ చెప్పే చివరి భాగం కూడా రాలిపోయింది. తెలుగులో వాక్యం బరువంతా మోసేవి ఆ చివరి ముక్కలే. అవి లేకపోతే ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో తేలదు.

సంజ్ఞా భాషలో విభక్తి ప్రత్యయాలు లేవు. వాటి పని చేసేవి వేరే ఉన్నాయి: ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం, చేతి కదలిక, చేతి ఆకారం, ముఖం. ఇవి అలంకారాలు కావు, వ్యాకరణమే. అమెరికాలో విలియం స్టోకో 1960లో ప్రచురించిన అధ్యయనం సైగలను చేతి ఆకారం, చోటు, కదలిక అనే భాగాలుగా విడదీసి చూపించాకే భాషా శాస్త్రవేత్తలు ఈ భాషలను భాషలుగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. మన దేశంలో 1970ల చివర్లో మదన్ వశిష్ట, జేమ్స్ వుడ్‌వర్డ్ తదితరులు నాలుగు మహానగరాల సైగలను పరిశీలించారు. ఆ తర్వాత ఉల్రికె జెషాన్ భారత్, పాకిస్తాన్‌లలోని సంజ్ఞా భాష వ్యాకరణాన్ని విపులంగా రాశారు.

ఇంకో మాట. తిరుపతి బధిరులు వాడే భాష తెలుగుకు చేతి రూపం కాదు. ఇంగ్లిషు మాట్లాడే బ్రిటన్, అమెరికాలలోనే సంజ్ఞా భాషలు ఒకదానికొకటి అర్థం కానంత వేరుగా ఉంటాయి. అలాంటప్పుడు తెలుగు ఊళ్ళలో ఉన్నారు కాబట్టి తెలుగు వ్యాకరణమే ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు.

మరి ఎవరు ఎవరికి ఏం చేశారో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

నిజానికి తెలుగువారికి ఇది తేలిగ్గా అర్థం కావాలి. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా మనకు తేడా లేదు. ఎందుకంటే మన భాషలో చచ్చింది ఎవరో వరుస చెప్పదు, 'ణ్ణి' చెబుతుంది. సంజ్ఞా భాషలోనూ ఈ పనికి వరుస మీద అంతగా ఆధారపడనక్కరలేదు. అక్కడ దాన్ని చెప్పేది చేయి నడిచిన దారి.

అదే లడ్డూ వాక్యాన్ని మా ఉపాధ్యాయిని ఎలా చెబుతుందో చూద్దాం. మొదట 'నిన్న' అంటుంది. తర్వాత 'అక్క' సైగ చేసి, చూపుడు వేలితో తన కుడిపక్క గాలిలో ఒక చోటు చూపిస్తుంది. అక్కడ ఎవరూ లేరు. కానీ ఆ క్షణం నుంచి ఆ చోటు అక్కది. 'అమ్మ' సైగ చేసి ఎడమపక్క ఇంకో చోటు చూపిస్తుంది. అది అమ్మది. 'లడ్డూ' అంటుంది. చివరగా 'ఇవ్వు' సైగ. చేయి అక్క చోటు దగ్గర బయలుదేరి అమ్మ చోటు దగ్గర ఆగుతుంది. వాక్యం పూర్తయింది.

ఇప్పుడు ఆ చివరి సైగ ఒక్కదాన్నే తిప్పి, ఎడమ నుంచి కుడికి నడిపించండి. అమ్మ అక్కకు ఇచ్చింది. మిగతా సైగల్లో ఏదీ మారలేదు. కుడి చోటు నుంచి తన రొమ్ము వైపు తెచ్చుకుంటే అక్క నాకు ఇచ్చింది. తన రొమ్ము నుంచి ఎడమ చోటుకు పంపితే నేను అమ్మకు ఇచ్చాను. తెలుగు క్రియ కర్తను మాత్రమే పట్టించుకుంటుంది: ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చింది. పుచ్చుకున్నది ఎవరన్నది దానికి పట్టదు. ఈ క్రియ ఇద్దరినీ తనలోనే పెట్టుకుంటుంది.

కథ ఇంకాస్త ముందుకు పోనివ్వండి. అమ్మ తినలేదు, తిరిగి అక్కకే ఇచ్చేసింది. ఉపాధ్యాయిని ఎడమ చోటును వేలితో చూపుతుంది, నోటి దగ్గర 'తిను' అంటుంది, తల అడ్డంగా ఊపుతూ 'లేదు' అంటుంది. ఆ వెంటనే 'ఇవ్వు', ఎడమ నుంచి కుడికి. 'అమ్మ' అని గానీ 'అక్క' అని గానీ మళ్ళీ చెప్పలేదు. ఇదే విషయాన్ని తెలుగులో పేర్లు లేకుండా చెప్పాలంటే "ఆమె ఆమెకు ఇచ్చేసింది" అనాలి. వినేవారికి ఒక్క ముక్క అర్థం కాదు. సంజ్ఞా భాషలో ఆ ఇబ్బంది లేదు, ఎవరి చోటు వారికి ఉంది కాబట్టి.

పంచిపెట్టడం ఇంకా బాగుంటుంది. లడ్డూలను ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికీ ఇచ్చిందని చెప్పాలంటే 'ఇవ్వు' సైగను కుడి నుంచి ఎడమకు చిన్న చిన్న గెంతులుగా, వేర్వేరు చోట్లకు మళ్ళీ మళ్ళీ పంపుతారు. అందరికీ కలిపి ఒకేసారి ఇచ్చిందంటే చేయి గెంతకుండా ఒకే వంపులో సాగిపోతుంది. 'ఒక్కొక్కరికి' అనే మాట ఎక్కడా అనక్కరలేదు.

అన్ని క్రియలూ ఇలాగే కదులుతాయా?

లేదు. కొత్తవారు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. 'ఇవ్వు', 'పంపు', 'సహాయం చేయి' వంటివి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడుస్తాయి. 'తిను', 'ఇష్టపడు', 'ఆలోచించు' వంటివి శరీరాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. తినడం నోటి దగ్గరే జరగాలి, దాన్ని అక్క చోటు దగ్గర గాలిలో చేస్తే అర్థం ఉండదు. అందుకే ఇలాంటి క్రియలతో ఎవరి గురించో వేరుగా వేలితో చూపాలి. అప్పుడు పదాల వరుసకు కూడా కొంత విలువ వస్తుంది: ముందు కర్త, తర్వాత కర్మ, చివర క్రియ. తెలుగు వరుస లాంటిదే కావడం మనకు కలిసివచ్చే సంగతి.

కొన్ని క్రియలు వెనక్కి నడుస్తాయి. 'తీసుకో' సైగలో చేయి బయలుదేరేది వస్తువు ఉన్నవారి దగ్గర, చేరేది తీసుకున్నవారి దగ్గర. కర్త చివర్లో ఉంటాడన్న మాట. "చేయి బయలుదేరిన చోటే కర్త" అని సూత్రంలా బట్టీపట్టినవారు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. వస్తువు ఎటు కదిలిందో చూడండి, తికమక ఉండదు.

మనిషి ఎదురుగానే ఉంటే గాలిలో చోటు పెట్టాలా?

అక్కరలేదు. మనిషి ఉన్న చోటే ఆ మనిషి చోటు. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళితే మీ వేలు కూడా కిటికీ వైపే వెళ్ళాలి. వేలు పెట్టి చూపడం మనకు మర్యాద కాదు గానీ, అక్కడ అది సర్వనామం. మొహమాటపడి గడ్డంతో చూపించకండి.

కుడి అంటే చెప్పేవారి కుడా, చూసేవారి కుడా?

చెప్పేవారిది. ఎదురుగా కూర్చున్నవారు దాన్ని మనసులోనే తిప్పుకుంటారు. బధిరులు అది ఆలోచించకుండానే చేస్తారు, కొత్తవారికి కొన్ని వారాలు పడుతుంది. ఆ ఉపాధ్యాయిని కుడివైపు పెట్టిన అక్క మీకు ఎడమవైపు కనిపిస్తుంది. మీరు జవాబిచ్చేటప్పుడు అక్కను ఆ చోటే, అంటే మీ ఎడమవైపే చూపాలి. మీ కుడివైపు చూపారంటే అమ్మ గురించి మాట్లాడుతున్నట్టు. ఇద్దరి మధ్యా ఉన్న స్థలం ఒక్కటే, అందులో ఎవరి చోటూ మారదు.

'వచ్చాడు', 'వస్తాడు' తేడా ఎలా చెబుతారు?

క్రియను మార్చరు. 'వచ్చు' అనే సైగ నిన్నటికైనా రేపటికైనా ఒకటే. కాలాన్ని వాక్యం మొదట్లోనే పెట్టేస్తారు: 'నిన్న', 'పోయిన వారం', 'రేపు', 'పండుగ తర్వాత'. ఒకసారి కాలం పెట్టాక కథ అంతా ఆ కాలంలోనే నడుస్తుంది, ఇంకో కాలం మాట వచ్చేదాకా. తెలుగులో ప్రతి క్రియకూ కాలం తొడుగుతాం: వెళ్ళాం, దిగాం, చూశాం, తిన్నాం. సంజ్ఞా భాషలో 'నిన్న' అని ఒక్కసారి అంటే ఆ నాలుగింటికీ సరిపోతుంది.

కాలానికి కూడా స్థలం ఉంది. గడిచిపోయింది భుజం వెనక, రాబోయేది ముందు. దూరం ఎంత ఉంటే చేయి అంత ఎక్కువ కదులుతుంది. మొన్నమొన్నటిదైతే భుజం దగ్గరే చిన్న కదలిక, ఎప్పుడో తాతల కాలమైతే చేయి బాగా వెనక్కి, పదేపదే.

పని పూర్తయిందా లేదా అన్నది వేరే విషయం. దానికి వాక్యం చివర ఒక ప్రత్యేకమైన సైగ ఉంది, మన 'అయిపోయింది' లాంటిది. 'నేను, అన్నం, తిను, అయిపోయింది' అంటే భోజనం ముగిసింది. కాలం మాట అక్కడ లేకపోయినా ఫరవాలేదు. ఇది గతానికి గుర్తు కాదని గమనించండి. 'రేపు, పదింటికి, పరీక్ష, అయిపోయింది, ఇంటికి, వచ్చు' అని కూడా అనవచ్చు. రేపు పరీక్ష ముగిశాక వస్తాననే దాని అర్థం. దీన్ని గతకాలం అనుకుని ప్రతి వాక్యానికీ తగిలించడం మా తరగతిలో తెలుగువారు చేసే పొరపాట్లలో మొదటిది.

పని ఎలా సాగిందో మాత్రం క్రియలోనే ఉంటుంది. ఒకసారి ఎదురు చూశాడంటే సైగ ఒకసారి. గంటల తరబడి ఎదురు చూశాడంటే అదే సైగ నెమ్మదిగా, సాగదీసి, మళ్ళీ మళ్ళీ. 'చూసి చూసి', 'నడిచి నడిచి' అని మనం మాటను రెట్టించినట్టే.

ముఖం అంతగా ఎందుకు కదిలిస్తారు? కోపంగా ఉన్నారేమో అనిపిస్తుంది.

కోపం కాదు, ప్రశ్నార్థకం. చేతులతో 'నువ్వు, అన్నం, తిను, అయిపోయింది' అన్నప్పుడు ముఖం మామూలుగా ఉంటే "నువ్వు తినేశావు" అని చెప్పినట్టు. కనుబొమలు పైకెత్తి, కళ్ళు కాస్త పెద్దవి చేసి, తల ముందుకు వంచి, చివరి సైగను ఒక క్షణం అలాగే పట్టి ఉంచితే "తిన్నావా?" అని అడిగినట్టు. తెలుగులో చివరి 'ఆ' చేసే పని అది. చేతుల్లో ఏ మార్పూ లేదు.

ఏమిటి, ఎక్కడ వంటి ప్రశ్నలకు తల వేరే దిక్కుకు పోతుంది. కనుబొమలు అప్పుడూ పైకే ఉంటాయి, కానీ తల వెనక్కి వెళ్ళి గడ్డం పైకి లేస్తుంది. అంటే అవును-కాదు ప్రశ్నకు తల ముందుకు, ఏమిటి-ఎక్కడ ప్రశ్నకు తల వెనక్కు. అమెరికా సంజ్ఞా భాషలో ఏమిటి-ఎక్కడ ప్రశ్నలకు కనుబొమలు ముడుస్తారు. ఫోనులో ఆ వీడియోలు చూసి నేర్చుకుని వచ్చినవారు ఇక్కడ కనుబొమలు ముడిచి అడిగితే, అవతలివారు ప్రశ్న సంగతి మరచి "ఏమైంది, బాధగా ఉందా?" అని అడుగుతారు. వీడియో ఏ దేశానిదో చూసుకుని నేర్చుకోండి.

ముఖం ఎంత పని చేస్తుందో కరోనా కాలంలో బాగా తెలిసింది. ఆసుపత్రిలో మాస్కు పెట్టుకున్న నర్సు చేతులతో సరిగ్గానే అడిగినా, మూతి దాగిపోతుంది, గడ్డం కదలిక సగమే తెలుస్తుంది. "జ్వరం ఉందా?" అన్నది "జ్వరం ఉంది" అయి కూర్చుంటుంది. రోగి సరేనన్నట్టు తలూపుతాడు. అలాంటి చోట కనుబొమలను, తలను మామూలు కంటే ఎక్కువగా కదిలించాలి, చివరి సైగను ఇంకాస్త ఎక్కువసేపు ఆపాలి. అప్పటికీ అనుమానంగా ఉంటే 'జ్వరం, ఉంది, లేదు, ఏది?' అని విడగొట్టి అడగడం క్షేమం.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని: ఇన్నింటికీ వేర్వేరు సైగలు నేర్చుకోవాలా?

భారతీయ సంజ్ఞా భాషలో అచ్చమైన ప్రశ్న సైగ ఒక్కటే ఉంటుంది. అది 'ఏమిటి'కి దగ్గర. దాని ముందు ఏం పెడితే ప్రశ్న అది అవుతుంది. చోటు పెడితే ఎక్కడ, ముఖం పెడితే ఎవరు, సమయం పెడితే ఎప్పుడు, సంఖ్య పెడితే ఎన్ని. సందర్భం స్పష్టంగా ఉంటే ముందరి భాగం లేకుండానే నడిచిపోతుంది.

గట్టిగా గుర్తుంచుకోవలసింది దాని చోటు. ప్రశ్న సైగ వాక్యం చివర రావాలి. 'నువ్వు, పని చేయి, చోటు, ఏమిటి': నువ్వు ఎక్కడ పని చేస్తున్నావు? తెలుగులో 'ఎక్కడ' మధ్యలో ఉంది కదా అని దాన్ని మధ్యలో పెట్టి 'పని చేయి' దగ్గర ఆపితే, ప్రశ్న అయిపోయిందని అవతలివారికి తెలియదు. ఇంకా ఏదో చెబుతారని చూస్తూ ఉండిపోతారు. 'లేదు', 'కాదు' సైగలు కూడా చివరే వస్తాయి. అది మనకు ఎలాగూ అలవాటే.

రెండు వేళ్ళు కాళ్ళలా నడిపించడం, అరచేతిని బస్సులా తిప్పడం నటన కాదా?

చూడటానికి నటనలా ఉంటుంది, కానీ నియమాలు తప్పితే వెంటనే దొరికిపోతారు. అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కినవారికి ఈ దృశ్యం తెలుసు. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి కాలిబాట ఘాట్ రోడ్డును ఆనుకుని సాగుతుంది. అది కొండ దిగే దారి. ఎక్కే బస్సులు రెండో ఘాట్ రోడ్డులో వెళతాయి. ఒకాయన ఆయాసపడుతూ ఎక్కుతుంటే పక్కనుంచి బస్సు మలుపులు తిరుగుతూ దిగిపోయింది. దీన్ని ఎలా చెబుతారు?

ముందు 'మనిషి' అని పేరు చెప్పాలి. తర్వాత ఎడమ చేతి చూపుడు, మధ్య వేళ్ళను కిందికి దించి కాళ్ళు చేయాలి. అవి మెల్లగా పైకి ఎక్కుతూ ఉంటాయి. ఆ చేతిని అలాగే ఉంచి కుడి చేత్తో 'బస్సు' అని పేరు చెప్పాలి. ఆ కుడి చేతినే బల్లపరుపుగా చాచితే అదే బస్సు. అది పై నుంచి మలుపులు తిరుగుతూ కిందికి వచ్చి, కాళ్ళ పక్కగా పోతుంది. రెండు చేతులూ ఒకేసారి కదులుతాయి. తెలుగులో 'ఉండగా', 'పక్కనుంచి', 'మలుపులు తిరుగుతూ', 'కిందికి' అని నాలుగు మాటలు వరుసగా పేర్చవలసింది అక్కడ ఒకే క్షణంలో జరిగిపోతుంది. ఆయన ఆయాసం ముఖంలో ఉంటుంది: బుగ్గలు ఉబ్బించి, ఊపిరి వదులుతూ.

నియమాల సంగతికి వస్తే, మొదటిది పేరు. పేరు చెప్పకుండా అరచేయి చాచితే అది బస్సో, బల్లో, గోడో తేలదు. ఆకారం ఒక జాతిని చెబుతుందే గాని ఒక వస్తువును కాదు. రెండోది, జాతికి తగిన ఆకారమే వాడాలి. నిలువుగా నిలబెట్టిన ఒక్క చూపుడు వేలు మొత్తం మనిషి, దూరం నుంచి కనిపించే మనిషి. ఎవరో మీ వైపు వచ్చారంటే ఆ వేలిని మీ వైపు తెస్తారు. కిందికి దించిన రెండు వేళ్ళు కాళ్ళు. నడక, ఎక్కడం, జారడం, పడిపోవడం అన్నీ దానితోనే. చూపుడు వేలితో మెట్లెక్కిస్తే బధిరులు నవ్వుతారు, ఎందుకంటే కాళ్ళు లేని కర్ర గెంతుతున్నట్టు ఉంటుంది. మూడోది పరిమాణం. మనిషికి రెండు వేళ్ళు పెట్టాక కొండ గుమ్మం అంత ఉండకూడదు, మీ నడుము నుంచి తల వరకు ఉన్న స్థలంలోనే పట్టాలి. నటించేవారికి ఈ మూడు పట్టింపులూ లేవు. వారు లేచి నడిచి చూపిస్తారు.

వస్తువును పట్టుకునే తీరుకూ ఇలాంటి ఆకారాలున్నాయి. లడ్డూ ఇచ్చేటప్పుడు చేయి గుండ్రంగా పట్టుకున్నట్టు ఉంటుంది, టికెట్ ఇచ్చేటప్పుడు వేళ్ళ కొసలు మాత్రమే కలుస్తాయి. దారి ఎవరికి ఇచ్చారో చెబుతుంది, ఆకారం ఏమిచ్చారో చెబుతుంది.

నేను తప్పు చేశానని నాకెలా తెలుస్తుంది?

అవతలివారి ముఖం చూస్తే తెలుస్తుంది, కాకపోతే మర్యాదకు తలూపే బధిరులు చాలామంది ఉన్నారు. తలూపడాన్ని నమ్మకండి. కథ చెప్పాక "ఎవరు ఎవరికి ఇచ్చారు?" అని తిరిగి అడగండి. జవాబు తప్పితే నూటికి తొంభైపాళ్ళు చోట్లు చెదిరిపోయి ఉంటాయి. అక్కను భుజం ఎత్తులో కుడివైపు పెట్టి, రెండు వాక్యాల తర్వాత పొట్ట ఎదురుగా చూపించి ఉంటారు. మీకు అది అక్కే, వారికి కొత్త మనిషి. నలుగురైదుగురిని గాలిలో నిలబెట్టడం కూడా మొదట్లో వద్దు. ఇద్దరు తేలిక, ముగ్గురు కుదురుతారు, నాలుగోవారు వచ్చేసరికి పేర్లు మళ్ళీ చెప్పుకోవడమే మేలు.

చూపు సంగతి కూడా గమనించుకోండి. బధిరులు 'ఇవ్వు' అన్నప్పుడు చేతితో పాటు చూపు కూడా పుచ్చుకునే చోటు వైపు వెళుతుంది. కొత్తవారు తమ చేతులనే చూసుకుంటూ ఉంటారు. చూపు చేతికి అతుక్కుపోయిందంటే సగం వ్యాకరణం ఆగిపోయినట్టే.

తిరుపతి సైగలు, హైదరాబాద్ సైగలు వేరా?

కొన్ని మాటలు వేరు, వ్యాకరణం దాదాపు ఒకటే. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. కాబట్టి భాష ఇంట్లో కాదు, బడిలో, హాస్టల్లో పెద్ద పిల్లల నుంచి చిన్న పిల్లలకు అందుతుంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బధిరుల పాఠశాల ఉంది. ఏ బడిలో చదివారో ఆ బడి సైగలు జీవితాంతం వెంట ఉంటాయి. పైగా మనకు చెన్నై దగ్గర, అక్కడ పనికి వెళ్ళివచ్చిన యువకులు అక్కడి సైగలు తెస్తారు. మాట తెలియకపోతే అడగండి, చెబుతారు. చోట్లు, దారులు, ముఖం ఎక్కడైనా పనికొస్తాయి.

పేర్లను తెలుగు అక్షరాలతో చెబుతారా?

ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాలతోనే, రెండు చేతులూ వాడి. బ్రిటిష్ పద్ధతికి దగ్గరి అక్షరమాల అది. తరచూ కలిసే మనిషికి అక్షరాలు కూర్చుతూ కూర్చోరు, ఒక పేరు సైగ పెడతారు. మీది మీరు పెట్టుకోకూడదు, బధిరులు పెడితేనే అది పేరు.

మా అబ్బాయి సైగలు చక్కగా చేస్తాడు, తెలుగు రాస్తే మాత్రం "నాన్న లడ్డూ నేను ఇవ్వు" అని రాస్తాడు. తెలివి తక్కువా?

కాదు. తెలుగు అతనికి రెండో భాష, అదీ చెవితో అందని భాష. పెదవుల మీద 'కు', 'ని' కనిపించవు. 'ఇచ్చాడు'లో 'ఆడు' కూడా సరిగ్గా కనిపించదు. అతను కూర్చిన వాక్యంలో నాలుగు మాటలూ సరైనవే. అతని భాషలో మిగతా పని చేయి నడిచిన దారి చేసేది, కాగితం మీద ఆ దారి లేదు. కాగితం మీద దారి ఉండదు కాబట్టి దానికి బదులు ఏం రాయాలో ఎవరూ అతనికి చూపించలేదన్న మాట.

చూపించే పద్ధతి ఒకటుంది. 'నాన్న', 'నేను' అని కాగితం మీద రెండు చోట్ల రాయించండి. మధ్యలో 'ఇవ్వు' సైగ నడిచిన దారిని బాణంగా గీయమనండి. బాణం బయలుదేరిన పేరుకు ఏమీ తగిలించవద్దు: నాన్న. బాణం మొన తాకిన పేరుకు 'కు' గానీ 'కి' గానీ రావాలి. 'నేను' అయితే 'నాకు' అవుతుంది. ఇప్పుడు పైన మూలన 'నిన్న' అని రాయించి, దాని నుంచి క్రియ మీదికి ఒక గీత గీయించండి. నిన్న అంటే 'ఇచ్చాడు', రేపు అంటే 'ఇస్తాడు'. ప్రతి క్రియకూ ఆ గీత మళ్ళీ గీయాలి. కాలం ఒకసారి చెబితే చాలనే అలవాటు అతనిది కాబట్టి ఇది విసుగ్గా ఉంటుంది, తప్పదు. ఇవ్వు, పంపు, సహాయం చేయి వంటి నడిచే క్రియలతో మొదలుపెట్టండి. చూడు, పిలువు వంటివి తర్వాత.

'ని' మాత్రం ఆలస్యంగా వస్తుంది. "అమ్మను ఇష్టపడతాను" అన్నప్పుడు 'ఇష్టపడు' సైగ రొమ్ము దగ్గరే ఆగిపోతుంది, అమ్మ వైపు ఏ బాణమూ వెళ్ళదు. గీయడానికి ఏమీ లేనిచోట బట్టీ తప్ప దారి లేదు. అలాంటి క్రియలను ఒక నోటుపుస్తకంలో వేరుగా రాసిపెట్టి, వారానికి నాలుగైదు చొప్పున వాక్యాల్లో రాయించండి. 'ను' రాయవలసిన చోట 'కు' రాశాడంటే సంతోషించండి. పేరుకు ఏదో ఒకటి తగిలించాలన్న సంగతి అతనికి పట్టుబడిందన్న మాట.